గుంటూరు బండికి ఢిల్లీ గడువు లేదు

సార్, 2015 జూన్‌లో కొన్న స్విఫ్ట్ డిజైర్ డీజిల్ ఉంది నా దగ్గర. రిజిస్ట్రేషన్ గుంటూరుదే. 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఇక్కడ కూడా బంద్ అవుతాయని, ఇప్పుడే ఇచ్చేస్తే 1.90 లక్షలు ఇస్తానని ఒక బ్రోకర్ వెంటపడుతున్నాడు. పోయినేడాది మా ఆఫీసులో ఒకాయన ఇదే మోడల్ 2.80కి అమ్మాడు. ఆ బ్రోకరే ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2017 బ్రెజా డీజిల్ 4.10 లక్షలకి ఇప్పిస్తానంటున్నాడు, ఇక్కడ అదే 5.60 పలుకుతోంది. రోజూ ఆఫీసుకి రానుపోను 22 కిలోమీటర్లు, నెలకోసారి హైదరాబాద్. అమ్మేయాలా, ఉంచుకోవాలా? అమ్మితే ఏం కొనాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. — ఒక పాఠకుడు, గుంటూరు

ముందు ఆ 1.90 లక్షల బేరాన్ని పక్కన పెట్టండి. ఈ వారం ఎవరికీ మాట ఇవ్వకండి, అడ్వాన్స్ పుచ్చుకోకండి. మీ బండికి పదేళ్ల గడువు లేదు.

ఆ పదేళ్ల రూలు జాతీయ రాజధాని ప్రాంతానిది. అంటే ఢిల్లీ, దాని చుట్టూ ఉన్న హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలు. 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదంది. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. పెట్రోల్‌కి 15 ఏళ్లు పెట్టారు. 2025 జూలై 1 నుంచి ఢిల్లీ బంకుల్లో అలాంటి బండ్లకి ఇంధనం పోయకూడదని ఆదేశం వచ్చి, జనం గొడవ చేస్తే రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆ వార్తలే మన ఫోన్లలో తిరిగి తిరిగి, ‘దేశమంతా బంద్’ అన్నట్టు మీ దాకా వచ్చాయి. ఆ తర్వాత ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయసు ఒక్కటే చూపించి యజమానుల మీద చర్య తీసుకోవద్దంది. డిసెంబర్ 17న ఆ రక్షణని, బండి పొగకి హద్దులు పెట్టే భారత్ స్టేజ్ ప్రమాణాల్లో బీఎస్-4, ఆపై బండ్లకి మాత్రమే పరిమితం చేసింది. బీఎస్-3, అంతకంటే పాతవైతే అక్కడ చర్య తీసుకోవచ్చు.

ఈ చివరి ముక్క మీకు అవసరం. అందుకే ఇవాళే ఆర్‌సీ కార్డు తీసి చూడండి. Emission Norms అన్న చోట బీఎస్-3 ఉందో, బీఎస్-4 ఉందో గమనించండి. కార్డు మీద లేకపోతే ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి చూడండి. 2015 నాటి బండి అనగానే బీఎస్-4 అనుకోవడానికి లేదు. 2010లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలకీ, ఢిల్లీ ప్రాంతానికీ బీఎస్-4 వచ్చింది. దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లోనే. మధ్యలో ఏడేళ్లు రెండు రకాలూ రోడ్డెక్కాయి. ఒకే సంవత్సరం, ఒకే మోడల్, పక్కపక్క ఇళ్లలో ఉన్నా కార్డు మీద వేరు వేరుగా ఉండొచ్చు.

మన దగ్గర సొంత కారుకి చట్టం పెట్టిన గడువు రిజిస్ట్రేషన్ నాటి నుంచి 15 ఏళ్లు. మీకు అది 2030 జూన్. అప్పుడు కూడా బండిని తుక్కుకి పంపాలని లేదు. ఫిట్‌నెస్ పరీక్షలో పాసైతే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఖర్చు మాత్రం పెరిగింది. కారు రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కారుకి 2025లో 10,000 చేశారు. దీనికి తోడు గ్రీన్ టాక్స్ ఉంటుంది. పాత బండి ఉంచుకోవడం ఖరీదు చేయాలన్నది ప్రభుత్వం ఉద్దేశం, అందులో దాపరికం లేదు. కానీ ఖరీదవడం వేరు, బంద్ అవడం వేరు. మీ బ్రోకర్ ఈ రెంటినీ కలిపేసి చెబుతున్నాడు.

మరి ధర ఎందుకు పడుతోంది? పాత బండి రేటు ప్రధానంగా ఎంతమంది దాన్ని కొనగలరన్న దాని మీద ఆధారపడుతుంది. ఢిల్లీలో తొమ్మిదేళ్ల డీజిల్ బండి చూడండి. కొనేవాడికి ఎంతకాలం తిప్పుకోవచ్చో తెలియదు. చలికాలంలో గాలి పాడైనప్పుడు మూడో దశ ఆంక్షలు పెడితే బీఎస్-4 డీజిల్ కార్లని ఢిల్లీలో, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘజియాబాద్, నోయిడా వైపు ఆపేస్తారు. కోర్టు రక్షణ ఉన్నా సరే, ఆ రోజుల్లో బండి ఇంట్లోనే. అలాంటి బండిని ఊళ్లో ఎవరు కొంటారు? బయటి రాష్ట్రానికి తీసుకుపోయే వ్యాపారి ఒక్కడే మిగులుతాడు, రేటు అతను చెప్పిందే.

గుంటూరులో మీ బండికి ఆ కష్టం లేదు, కానీ ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి ఫైనాన్స్. చాలా కంపెనీలు అప్పు తీరేనాటికి బండి వయసు పది పన్నెండేళ్లు దాటకూడదంటాయి. మీ బండి పదేళ్లు దాటింది కాబట్టి ఇక చేతిలో రొక్కం ఉన్నవాళ్లే కొంటారు. పోయినేడాది మీ ఆఫీసాయన దగ్గర కొన్నతనికి బహుశా అప్పు పుట్టి ఉంటుంది. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి ఉన్న 29 శాతం నుంచి 18కి దిగింది. 8 లక్షలున్న కారు లెక్క ప్రకారం దాదాపు 68 వేలు తగ్గాలి. కొత్తది దిగితే పాతది దిగకుండా ఉండదు. కాబట్టి 2.80 ఇప్పుడు రాదు. నా అంచనా, కండిషన్ బాగుంటే నేరుగా అమ్ముకున్నప్పుడు 2.40 దాకా రావాలి. అంటే 40 వేలు న్యాయంగా తగ్గింది. మిగతా 50 వేలు మీ భయం మీద అడుగుతున్నారు.

ఇంకో విషయం కూడా మీకు అనుకూలంగా ఉంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు చేయడం ఆపేసింది. ఆ 1.3 లీటర్ల ఇంజన్ తెలియని మెకానిక్ మన జిల్లాల్లో లేడు, సామాను దొరుకుతుంది, మైలేజ్ బాగుంటుంది. ఊళ్ల మీద తిరిగేవాళ్లు, పొలాల వాళ్లు అలాంటి బండి కొత్తది దొరక్క పాతదే వెతుక్కుంటున్నారు. మీ కొనుగోలుదారు టౌన్‌లోని కారు బజారులో కంటే తెనాలి, సత్తెనపల్లి వైపు దొరికే అవకాశం ఎక్కువ.

ఇక ఉంచుకోవాలా అన్నది ఇంజన్ చెప్పాలి. దానికి 100 రూపాయల పైచిలుకు ఖర్చుతో అయ్యే ఒక పని ఉంది, చాలామంది పట్టించుకోరు. పొల్యూషన్ సర్టిఫికెట్‌ని ఈసారి నిజంగా చేయించండి. బండి వెనక నిలబడి నంబర్ ప్లేటు ఫొటో తీసి స్లిప్పు చేతిలో పెట్టేవాళ్ల దగ్గర కాకుండా, గొట్టాన్ని సైలెన్సర్‌లో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి చూసే చోట. ముందు ఒక పది కిలోమీటర్లు నడిపి ఇంజన్ వేడి చేసుకుని వెళ్లండి. స్లిప్పు మీద పొగ సాంద్రత కే విలువగా వస్తుంది. బీఎస్-4 డీజిల్‌కి హద్దు 1.62, అంతకు ముందు బండ్లకి 2.45. మీది బీఎస్-4 అయి, 0.8 లోపు వస్తే ఇంజన్ ఆరోగ్యంగా ఉందని నేను నమ్ముతాను. 1.4, 1.5 వస్తే పాసయ్యామని సంతోషించకండి. ఎయిర్ ఫిల్టర్ మార్చి మళ్లీ చూడండి. అయినా దిగకపోతే ఇంజెక్టర్లు కారుతున్నాయో, పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసితో బిగుసుకుందో, టర్బో గొట్టం ఎక్కడైనా పగిలి గాలి పోతోందో చూడాలి. మొదటిదైతే ఖర్చు పెద్దది. మిగతా రెండూ చిన్న రిపేర్లే.

పొగ రంగు కూడా చూడండి. తెల్లవారి మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టండి. నల్లగా ఒక్క గుప్పు వచ్చి ఆగితే ఈ వయసులో మామూలే. నీలంగా వచ్చి ఆయిల్ కాలిన వాసన కొడితే టర్బో సీలు గానీ రింగులు గానీ అరిగాయని అర్థం. తెల్ల పొగ రెండు మూడు నిమిషాలు వదలకుండా వస్తే గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో చూపించాలి. నీలం పొగ ఉన్న బండిని మాత్రం ఉంచుకోమని నేను చెప్పను. అప్పుడు నిజం చెప్పి, దానికి తగ్గ ధరకి అమ్మేయండి.

ఇంజన్ బాగుంటే లెక్క ఇలా వస్తుంది. ఇవాళ 2.40 విలువ. మూడేళ్లు నడిపి, 2029లో ఆర్‌సీకి ఇంకా ఏడాదో ఏడాదిన్నరో ఉండగా అమ్మితే 1.40 వచ్చిందనుకుందాం. మూడేళ్లలో లక్ష తరిగింది. ఏడాదికి 33 వేలు. టైర్లు, క్లచ్చు, బ్యాటరీ లాంటివి మరో 25 వేలు వేసుకోండి. మొత్తం 58 వేలు. అదే 9 లక్షల కొత్త కారైతే మొదటి మూడేళ్లలో మూడు లక్షలకు అటూ ఇటూగా విలువ పోతుంది, అంటే ఏడాదికి లక్ష, అప్పు మీద వడ్డీ అదనం. 2030 దాకా ఆగకుండా ఏడాది ముందే అమ్మమంటున్నది ఎందుకంటే, రెన్యువల్ దగ్గరపడే కొద్దీ కొనేవాడు ఆ ఫీజూ గ్రీన్ టాక్సూ ఫిట్‌నెస్ భయమూ అన్నీ మీ ధరలోంచే కోస్తాడు.

కార్డు మీద బీఎస్-3 అని ఉంటే మాత్రం నా సలహా మారుతుంది. ఇక్కడ దానికి ఇవాళ ఏ నిషేధమూ లేదు. కానీ కోర్టు ఇప్పుడు గీత గీసింది బీఎస్-4 దగ్గర. రేపు ఇంకే నగరమైనా ఆంక్ష పెట్టాలనుకుంటే ఎదురుగా కనిపించే గీత అదే. నేనైతే మూడేళ్లు ఆగను, ఏడాదిలోపు తొందరపడకుండా మంచి ధరకి అమ్ముకుంటాను.

ఇప్పుడు ఆ ఢిల్లీ బ్రెజా. చూడగానే లక్షన్నర మిగిలినట్టే అనిపిస్తుంది, నాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది. లెక్క వేద్దాం. బండి 4.10. ఇతర రాష్ట్రం బండిని ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి లైఫ్ టాక్స్ కట్టాలి. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. టాక్స్ శాతం బండి వయసుని బట్టి తగ్గుతుంది గానీ, ఆ శాతం లెక్కకట్టేది కొత్తగా కొన్నప్పటి ధర మీద. మీరు 4.10కే కొన్నానంటే ఒప్పుకోరు. కొత్తప్పుడు 9 లక్షలు, స్లాబు 8 శాతం అనుకుంటే 72 వేలు. మీ బండికి సరిగ్గా ఏ స్లాబో ఆర్‌టీఓ ఆఫీసులో తేదీ చెప్పి ముందే అడగండి. దాదాపు 1,800 కిలోమీటర్ల నుంచి తెప్పించడానికి 25 వేలు, కాగితాలు, ఏజెంటు, తిరుగుళ్లు 12 వేలు వేసుకుందాం. 5.19 లక్షలు తేలింది. లక్షన్నర కాస్తా 41 వేలయింది. ఢిల్లీలో కట్టిన టాక్సులో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు, కానీ అది మీ చేతికి వచ్చాక లెక్కలో వేసుకోండి, ముందు కాదు.

ఆ 41 వేలకి మీరు ఏం నెత్తిన వేసుకుంటున్నారో నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఉత్తరాది నుంచి ఒక డీజిల్ బండి కొన్నాను. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే అనుమతి పత్రం, ఎన్‌ఓసీ, వారంలో వస్తుందన్నాడు అమ్మినతను. ఎన్‌ఓసీ నిజంగానే చేతికి వచ్చింది, సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి. ఫైలు పట్టుకుని ఇక్కడ కౌంటర్ ముందు నిలబడితే, లోపలున్నాయన నంబర్ కొట్టి కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. పాత యజమాని బ్యాంకు అప్పు తీర్చి మూడేళ్లయినా, రికార్డులో బ్యాంకు పేరు అలాగే ఉంది. ఆ పేరు తీయించే ఫారం 35 ఎవరూ వేయలేదు. ఆ పాత యజమానిని వెతికి పట్టుకుని, అతని చేత బ్యాంకు లెటర్ తెప్పించి, అక్కడి ఆఫీసులో తీయించేసరికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ బండి ఇంటి ముందు కవర్ కప్పుకుని ఉంది. నేను ఆటోలో ఆఫీసుకి వెళ్లాను. ఆ ఏడు నెలల చిరాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అయినా కొంటానంటే వరస తప్పకండి. డబ్బు ఇవ్వకముందు వాహన్ రికార్డులో బండి స్థితి ACTIVE అని ఉందో లేదో, అప్పు పేరు తొలగిందో లేదో, చలాన్లు మిగిలాయో లేదో చూడండి. ఎన్‌ఓసీ గుంటూరు ఆఫీసు పేరు మీదే ఉండాలి, బ్రోకర్ వాడుకునే ఇంకో ఊరి పేరు మీద కాదు. ఎన్‌ఓసీ కోసం పెట్టే ఫారం 28 మీద అమ్మినవాడి సంతకం తీసుకుని వదిలేయకుండా ఎన్‌ఓసీ వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. మన రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచుకుంటే కొత్త నంబర్ తప్పనిసరి కాబట్టి ‘డీఎల్ నంబర్‌తోనే తిప్పుకోండి సార్, ఎవరూ పట్టించుకోరు’ అన్న మాట వినకండి. ఇంకో సంగతి, ఆ 2017 బండికి 2027లో పదేళ్లు నిండుతాయి. ఇప్పుడే అమ్ముతున్నది అందుకే. అది మోసం కాదు, బీఎస్-4కి కోర్టు రక్షణ ఉన్నా అది ఎంతకాలమోనన్న భయం అక్కడి యజమానికి ఉంటుంది. కానీ అమ్మాల్సిన తొందర ఉన్నవాడు సర్వీసు చేయించకుండా ఏడాది లాగించి ఉంటాడు. కంపెనీ సర్వీస్ రికార్డులో చివరి ఎంట్రీ ఎప్పుడుందో, అప్పటి కిలోమీటర్లు ఎన్నో అడగండి. మీటరు వెనక్కి తిప్పితే అక్కడే దొరుకుతుంది. సీటు బెల్టుని చివరంటా బయటికి లాగి చూడండి. లోపలి భాగంలో బురద గీత ఉంటే నీళ్లలో మునిగిన బండి. ఇది ఢిల్లీ బండ్లకే కాదు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లలో మునిగిన బెజవాడ బండ్లు కూడా మార్కెట్‌లోకి వచ్చే ఉంటాయి. కాబట్టి ఇక్కడి బండికీ ఆ పరీక్ష చేయండి.

ఏం కొనాలన్న ప్రశ్నకి మీ తిరుగుడే సమాధానం. ఆఫీసు 22 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు అంటే 550. హైదరాబాద్ రానుపోను మరో 550. నెలకి 1,100, ఏడాదికి 13,200. డీజిల్ లీటరు 97, పెట్రోల్ 109 అనుకుందాం. డీజిల్ బండి లీటరుకి 18 ఇస్తే ఏడాదికి 71 వేలు, పెట్రోల్ బండి 15 ఇస్తే 96 వేలు. తేడా 25 వేలు. అదే మోడల్ కొత్త డీజిల్‌కి, పెట్రోల్‌కి మధ్య ధర తేడా లక్షన్నర అయితే అది తీరడానికి ఆరేళ్లు. ఆరేళ్ల తర్వాత డీజిల్ బండిని ఎవరు ఏ రూలు కింద కొంటారో ఇవాళ ఎవరూ చెప్పలేరు. అందుకని మీకు కొత్త డీజిల్ వద్దంటాను.

బీఎస్-6 డీజిల్ మీ పాత డిజైర్ లాంటిది కాదన్నది ఇంకో కారణం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన వాటిలో మసి పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. బీఎస్-4లో కిలోమీటరుకి 0.025 గ్రాముల మసి దాకా ఒప్పుకునేవారు, బీఎస్-6లో అది 0.0045. ఆ మసి ఎక్కడికీ పోదు, ఫిల్టర్‌లో నిండుతుంది. నిండాక బండి తనంతట తానే కాస్త ఎక్కువ డీజిల్ పోసి, ఆ వేడితో దాన్ని కాల్చేసుకోవాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. టౌన్‌లో పదకొండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది.

మా బావమరిది బండిలో ఇది కళ్లారా చూశాను. ఇంటి ముందు ఆపి తాళం తీశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ హోరుమని తిరుగుతూనే ఉంది. బోనెట్ దగ్గర కాలిన వాసన. ‘రోజూ ఇంతే బావా, ఏసీ వల్లేమో’ అన్నాడు. డిప్ స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. వేలికి రాసుకుని వాసన చూస్తే డీజిల్. సగం కాలి ఆగిపోయిన ప్రతిసారీ మిగిలిన డీజిల్ కాస్త ఆయిల్‌లోకి దిగుతోంది. ఆయిల్ తగ్గిందేమోనని చూసే అలవాటే మనందరికీ, పెరిగిందేమోనని ఎవరూ చూడరు. ఆయిల్ మార్పించి, సర్వీస్ సెంటర్‌లో మసి కాల్పించి, వారానికోసారి హైవే మీద అరగంట నడపమన్నాను. ఆ తర్వాత లైటు వెలగలేదు. పట్టించుకోకపోతే ఫిల్టరే మార్చాల్సి వచ్చేది, దానికి లక్ష పైమాటే అయ్యే బండ్లున్నాయి. మీకు నెలకోసారి హైదరాబాద్ ఉంది కాబట్టి పూర్తిగా మూసుకుపోదు గానీ, నెలకోసారన్నది తక్కువే. నెలకి 1,500 కిలోమీటర్లు పైబడి, అందులో ఎక్కువ హైవే మీద తిరిగేవాళ్లకి బీఎస్-6 డీజిల్ ఇప్పటికీ మంచి బండే.

మీకైతే నేను పెట్రోల్ చెబుతాను. పాతదే కొనేట్టయితే 2023 ఏప్రిల్ తర్వాత తయారైనది చూడండి. అప్పటి నుంచి వచ్చినవి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి తట్టుకునే సామానుతో వస్తున్నాయి, ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే. అలాంటి బండికి రెండో విడత బీఎస్-6 నిబంధనలు కూడా వర్తిస్తాయి, కాబట్టి ఎమిషన్ రూలు ఎంత బిగిసినా మీ తర్వాత కొనేవాడు వెనకాడడు. ఆఫీసు దారిలోనే సీఎన్‌జీ బంకు ఉంటే కంపెనీ ఫిట్టింగ్ సీఎన్‌జీ ఇంకా లాభం. కానీ డిక్కీలో సిలిండర్ కూర్చుంటుంది, కుటుంబంతో హైదరాబాద్ వెళ్లేటప్పుడు సూట్‌కేసులు ఎక్కడ పెడతారో షోరూంలోనే పెట్టి చూసుకోండి. సిలిండర్‌కి మూడేళ్లకోసారి పరీక్ష ఉంటుంది. పాత సీఎన్‌జీ బండి కొంటే ఆ తేదీ ప్లేటు మీద చూడందే తీసుకోవద్దు. ఎలక్ట్రిక్ సంగతి అడగలేదు గానీ, ఇంట్లో సొంత పార్కింగ్, రెండో బండి ఉన్నవాళ్లకి రోజుకి 22 కిలోమీటర్లు దాని చేతిలో పనే. మీకు ఇదొక్కటే బండి, నెలనెలా 275 కిలోమీటర్లు ఒక్క దమ్మున వెళ్లాలి. ఇప్పుడైతే అది మీకు రెండో మాటే.

కాబట్టి బీఎస్-4 అయి, పొగ బాగుంటే డిజైర్‌నే నడపండి. అమ్మాల్సి వస్తే బ్రోకర్‌కి ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బండి ఇచ్చేయకండి. యజమాని పేరు మార్చే ఫారం 29, 30 మీద కొన్నవాడి పేరు రాయించి, ఆర్‌సీ అతని పేరుకి మారిందని ఎంపరివాహన్‌లో మీ కళ్లతో చూసేదాకా వెంటపడండి. అప్పటిదాకా ఆ బండి ఎక్కడ ఎవరిని గుద్దినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. కార్డు మీద ఏ నార్మ్ ఉందో, పొల్యూషన్ స్లిప్పు మీద కే విలువ ఎంత వచ్చిందో నాకు రాయండి. 1.2 దాటితే ఏ మెకానిక్ దగ్గర ఏం అడగాలో చెబుతాను.